‘తప్పు జరిగింది’ అంటే ఏ తప్పు?

ఫైలు మొత్తం నూట నలభై పేజీలు. అందులో ఎంక్వైరీ ఆఫీసర్ రిపోర్టు పదకొండు పేజీలు. దాని చివర మూడు ముక్కలు: “మూడు అభియోగాలూ రుజువయ్యాయి. నేరం తీవ్రమైనది. డిస్మిస్ చేయవచ్చు.” ఎండీ గారికి ఇంత ఫైలు చదివే తీరిక ఉండదు. “నాలుగు పేజీల్లో నోట్ పెట్టండి, చూసి సంతకం చేస్తాను” అంటారు. ఆ నోట్ రాయాల్సింది పర్సనల్ ఆఫీసర్. చాలామంది చేసేది ఏమిటంటే, రిపోర్టులోని ఆ చివరి మూడు ముక్కలనే మొదటి పేజీలోకి తెచ్చి, వెనక కాస్త కథ అతికించి పంపిస్తారు. రెండేళ్ల తర్వాత లేబర్ కోర్టులో కూలిపోయేది అక్కడే.

ఈ నోట్ ఎలా తయారవుతుందో ఒక ఫైలు పట్టుకుని చెబుతాను. ఇది ఏ ఒక్క ఫ్యాక్టరీదీ కాదు. నా బల్ల మీదికి వచ్చిన నాలుగైదు ఫైళ్ల సంగతులు కలిపి కట్టిన కేసు. అందుకే ఇందులో పేర్లు లేవు.

ఎలక్ట్రిక్ మోటార్లు చేసే ఫ్యాక్టరీ. స్టోర్స్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్న అటెండెంట్. ఒక సాయంత్రం స్క్రాప్ కాంట్రాక్టరు లారీ బయటికి వెళ్తోంది. గేట్ పాస్‌లో ‘ఇనుప స్క్రాప్, 1,840 కిలోలు’ అని ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు ఎక్కి చూస్తే, ఇనుప ముక్కల కింద రెండు గోనె సంచులు. వాటిలో 26 కిలోల రాగి తీగ ముక్కలు. గేట్ పాస్ మీద సంతకం ఈ అటెండెంట్‌ది. పిలిపించారు, మాటా మాటా పెరిగింది, రాత్రి దాకా సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టారు, మర్నాడు సస్పెండ్ చేశారు. చార్జ్‌షీట్‌లో మూడు అభియోగాలు పెట్టారు. ఒకటి, లారీ డ్రైవరుతో కుమ్మక్కై రాగిని దాచి బయటికి పంపబోయాడు. రెండు, లోడింగ్ దగ్గర నిలబడకుండానే గేట్ పాస్ మీద సంతకం పెట్టాడు. మూడు, విధుల్లో ఉన్న గార్డును బెదిరించాడు.

నోట్ రాసేవాళ్లు మొదట తెరవాల్సింది రిపోర్టు కాదు, చార్జ్‌షీట్. దాని పక్కనే ఆ ఫ్యాక్టరీ స్టాండింగ్ ఆర్డర్లు పెట్టుకోవాలి. స్టాండింగ్ ఆర్డర్లలో దుష్ప్రవర్తనగా రాసి లేని పనికి శిక్ష వేయడం కుదరదని సుప్రీంకోర్టు 1983లో గ్లాక్సో లేబొరేటరీస్ కేసులో తేల్చింది. మన కేసులో ఆ చిక్కు లేదు. యజమాని ఆస్తి విషయంలో దొంగతనం, మోసం, నిజాయితీ లేకపోవడం, పనిలో నిర్లక్ష్యం, క్రమశిక్షణను భంగపరిచే ప్రవర్తన, ఇవన్నీ సాధారణంగా ఆ జాబితాలో ఉండేవే.

ఆ తర్వాత ప్రతి అభియోగాన్నీ విడగొట్టాలి. మొదటి అభియోగం ఒకే వాక్యంలా కనిపిస్తుంది గానీ లోపల నాలుగు సంగతులున్నాయి. లారీలో 26 కిలోల రాగి ఉంది. ఆ రాగి ఫ్యాక్టరీదే. దాన్ని ఈ మనిషే పెట్టించాడు, లేదా అది అక్కడ ఉందని ఇతనికి తెలుసు. డ్రైవరుతో ముందే మాట్లాడుకున్నాడు. ఇలా విడదీసి చూసినప్పుడు రిపోర్టులోని లోపం దానంతటదే బయటపడింది. మొదటి అభియోగానికి ఎంక్వైరీ ఆఫీసర్ ఆరు పేజీలు కేటాయించారు. కాటా స్లిప్పులు, రాగి నాణ్యత మీద వైండింగ్ సెక్షన్ ఇన్‌చార్జి ఇచ్చిన సాక్ష్యం, సంచుల ఫొటోలు, అన్నీ వివరంగా ఉన్నాయి. అవన్నీ మొదటి రెండు సంగతులకే రుజువులు. ఆ రెండింటినీ అటెండెంట్ ఎన్నడూ కాదనలేదు! అసలు తగువంతా మూడో సంగతి మీద, నాలుగో సంగతి మీద. వాటికి రిపోర్టులో దక్కింది ఐదు వాక్యాలు.

ఆ ఐదు వాక్యాలు ఆనుకున్న ఆధారాలు రెండే. ఒకటి లారీ డ్రైవరు ఆ రాత్రి ఇచ్చిన స్టేట్‌మెంట్: “ఆయనే పెట్టమన్నాడు.” రెండోది అటెండెంట్ సంతకం ఉన్న క్షమాపణ ఉత్తరం.

డ్రైవరు ఎంక్వైరీకి రాలేదు. రెండుసార్లు కబురు పెట్టినా రాలేదని ప్రొసీడింగ్స్‌లో ఉంది. రానంత మాత్రాన ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేయాలా? అలాగేం లేదు. ఇక్కడ చాలామంది లాయర్లు కూడా పొరబడతారు. డొమెస్టిక్ ఎంక్వైరీ క్రిమినల్ కేసు కాదు. సాక్ష్యాధారాల చట్టం అక్షరాలా వర్తించదు. అనుమానానికి తావు లేనంత రుజువు అక్కర్లేదు, ఉన్న ఆధారాలను బట్టి ఏది జరిగి ఉండటానికి ఎక్కువ వీలుందో తూచి చూస్తే చాలు. హర్యానాలో ఒక బస్ కండక్టరు డబ్బు తీసుకుని టికెట్లు ఇవ్వలేదన్న కేసులో, ఆ ప్రయాణికులెవరినీ ఎంక్వైరీకి పిలవలేదు. చెకింగ్‌కు వెళ్లిన ఇన్‌స్పెక్టరు సాక్ష్యం మాత్రమే ఉంది. అయినా అది చాలునని 1977లో సుప్రీంకోర్టు రతన్ సింగ్ తీర్పులో చెప్పింది. రాసింది జస్టిస్ కృష్ణయ్యర్. ఒకరు చెప్పగా విన్న మాటనైనా చూడొచ్చు, కానీ దానికి విషయంతో సంబంధం ఉండాలి, నమ్మదగినదిగా ఉండాలి.

ఆ కొలతే ఇక్కడా పెడదాం. కండక్టరు కేసులో ఇన్‌స్పెక్టరు బస్సెక్కి తాను కళ్లారా చూసింది చెప్పాడు, ఎదురు ప్రశ్నలకు నిలబడ్డాడు. అతనికి కండక్టరుతో పంచాయితీ లేదు. ఇక్కడ డ్రైవరు తన లారీలోనే దొరికిన సంచుల గురించి చెబుతున్నాడు. ఆ నింద ఇంకొకరి మీదికి పోకపోతే తనమీదే పడుతుంది. పైగా క్రాస్ ఎగ్జామినేషన్‌కు దొరకలేదు. కాబట్టి ఆ స్టేట్‌మెంట్‌ను చూడొచ్చు గానీ దానికొక్కదానికే బరువు లేదు. పక్కన మరో ఆధారం నిలబడాలి. నోట్‌లో ఇదే మాట రాయాలి. ‘చెల్లదు’ అని కాదు, ‘ఈ కారణాల వల్ల దీనికి ఇంతే బరువు’ అని.

మరి ఆ ఉత్తరం? ఎంక్వైరీ ఆఫీసర్ దాన్ని ‘నేరాంగీకారం’ అన్నారు. తీసి చదివాను. చేతిరాత సెక్యూరిటీ ఆఫీసర్‌ది. సంతకం మాత్రం అటెండెంట్‌ది. పైన వేసిన టైము రాత్రి 11.40. గేటు దగ్గర ఆపింది సాయంత్రం 5.15కి. అంటే ఆరున్నర గంటలకు దగ్గరగా ఆ గదిలోనే ఉన్నాడు. ఉత్తరంలో ఉన్నది రెండు వాక్యాలు: “నా వల్ల తప్పు జరిగింది. ఈ ఒక్కసారికి క్షమించగలరు.”

ప్రొసీడింగ్స్ 63వ పేజీలో, అటెండెంట్ తరఫున కూర్చున్న తోటి ఉద్యోగి సెక్యూరిటీ ఆఫీసర్‌ను అడిగిన ప్రశ్న ఉంది. “ఏ తప్పు అని మీరు ఆయన్ని అడిగారా అండీ?” జవాబు: “అడగలేదు.”

నా లెక్కలో ఈ ఫైలు మొత్తంలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే. రిపోర్టులో మాత్రం దాని ఊసే లేదు. తప్పు అంటే రాగి దొంగతనమా, దగ్గర నిలబడకుండా సంతకం పెట్టడమా, గార్డు మీద కేకలు వేయడమా? మూడింట్లో దేనికైనా ఆ మాట సరిపోతుంది. మూడింటికీ సరిపోయే మాట ఏ ఒక్కదాన్నీ రుజువు చేయదు. పంజాబ్ నేషనల్ బ్యాంక్ ఉద్యోగి రూప్ సింగ్ నేగి కేసులో (2008) సుప్రీంకోర్టు పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలును, సాక్షులెవరూ వచ్చి నిరూపించని కాగితాలను ఆధారంగా తీసుకోవడాన్ని తప్పుపట్టింది. మన ఉత్తరం పోలీసుల దగ్గరిది కాదు, రాసిన ఆఫీసరు వచ్చి సాక్ష్యం చెప్పాడు కూడా. అయినా అందులో ఉన్న మాట కన్నా ఎక్కువ దాని చేత చెప్పించలేం.

ఇక ఎదుటి పక్షం ఆధారాలు. స్క్రాప్ యార్డు కెమెరా ఫుటేజీలో 4.10 నుంచి 4.35 దాకా లోడింగ్ కనిపిస్తుంది. కాంట్రాక్టరు మనుషులిద్దరు గోనె సంచులు పైకి ఎక్కించడం కూడా కనిపిస్తుంది. అటెండెంట్ ఎక్కడా లేడు. ఆ సమయంలో స్టోర్స్‌లో సామాను ఇస్తున్నానని అతని వాదన. 4.15, 4.20, 4.28 టైములతో మూడు ఇష్యూ స్లిప్పులు చూపించాడు. నోట్ రాసేవాళ్లు వీటినీ అంతే గట్టిగా గీకి చూడాలి. తర్వాత కూర్చుని రాసుకున్నవి కావచ్చు కదా? కౌంటర్‌ఫాయిల్ పుస్తకం తీసి చూస్తే వరస నంబర్లు తెగలేదు, ముందు స్లిప్పు 4.05ది, తర్వాతది 4.50ది. సామాను తీసుకున్నవాళ్ల సంతకాలు ముగ్గురివి వేర్వేరు. వాళ్లలో ఒకరు డిఫెన్స్ సాక్షిగా వచ్చి చెప్పాడు. క్రాస్‌లో మాట మారలేదు. నమ్మొచ్చు.

ఈ స్లిప్పులే రెండో అభియోగాన్ని పూర్తిగా రుజువు చేసేశాయి. గేట్ పాస్ మీద ‘లోడింగ్ నా సమక్షంలో జరిగింది’ అని అచ్చువేసి ఉంది. దాని కింద అతని సంతకం, టైము 4.30. నాలుగున్నరకు స్టోర్స్‌లో ఉన్నానని తనే నిరూపించుకున్నాడు. అంటే సమక్షంలో జరగని దాన్ని జరిగిందని రాసి సంతకం పెట్టాడు. లోడింగ్ అయ్యేదాకా అటెండెంట్ అక్కడే ఉండాలన్న సర్క్యులర్ చదువుకున్నట్టు అతని సంతకం ఫైల్లో ఉంది. “అందరం అలాగే చేస్తాం, ఇద్దరు మనుషుల పనికి ఒక్కణ్ణే పెట్టారు” అన్నాడు. స్టోర్స్ ఇన్‌చార్జి కూడా క్రాస్‌లో మనుషుల కొరత నిజమేనని ఒప్పుకున్నాడు. ఈ మాట అభియోగాన్ని కొట్టేయదు, శిక్ష దగ్గర పనికొస్తుంది. నోట్‌లో దాన్ని అక్కడికే దాచిపెట్టాలి.

మూడో అభియోగం దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. “నీ సంగతి చూస్తా” అన్నాడని గార్డు చెప్పాడు. పక్కనున్న రెండో గార్డు అదే మాట చెప్పాడు. ఆ రాత్రి గేట్ రిజిస్టరులో కూడా అదే మాట రాసి ఉంది. ముగ్గురు మూడు చోట్ల ఒకే మాట అంటే, ‘గట్టిగా మాట్లాడాను, అంతే’ అన్న అటెండెంట్ వాదన నిలవదు. రుజువైంది. చెయ్యెత్తలేదు, తోయలేదు అనే సంగతీ పక్కనే రాయాలి.

మళ్లీ మొదటిదానికి వస్తే, మేనేజ్‌మెంట్ గదిలో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది. “అక్కడ లేకపోతేనేం, ముందే చెప్పి పెట్టించి ఉండొచ్చు కదా?” ఉండొచ్చు. అందుకే కావాలని అక్కడ లేకుండా పోయి ఉండొచ్చు కూడా. కానీ చెప్పినట్టు చూసినవాళ్లు లేరు, ఫోన్ కాల్ వివరాలు లేవు, లోడింగ్ చేసిన ఆ ఇద్దరు మనుషులను ఎంక్వైరీకి పిలవనేలేదు. ఫుటేజీలో మొహాలు కనిపిస్తున్నా ఎందుకు పిలవలేదో ఎంక్వైరీ ఆఫీసర్ రాయలేదు. డొమెస్టిక్ ఎంక్వైరీలోనైనా సరే, అనుమానం ఎంత బలంగా ఉన్నా అది రుజువు స్థానంలో కూర్చోలేదని 1963లోనే హెచ్.సి. గోయల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని నోట్‌లో నిర్ధారణ ఇలా ఉంటుంది: రాగి లారీలో ఉండటం రుజువైంది, ఫ్యాక్టరీది కావడం రుజువైంది, అటెండెంట్‌కు దానితో ప్రమేయం రుజువు కాలేదు. కాబట్టి మొదటి అభియోగం రుజువు కాలేదు. ‘అతను అమాయకుడు’ అని ఎక్కడా రాయకూడదు. ఆ సంగతి మనకు తెలియదు, తేల్చమని మనల్ని ఎవరూ అడగలేదు కూడా.

ఎంక్వైరీ ఆఫీసర్ రిపోర్టుకు భిన్నంగా మేనేజ్‌మెంట్ నిర్ణయం తీసుకోవచ్చా అని అడుగుతారు. తీసుకోవచ్చు, కారణాలు రాయాలి. ఇక్కడైతే ఆ తేడా ఉద్యోగికి మేలు చేసేదే. తిరగబడి ఉంటే, అంటే ఎంక్వైరీ ఆఫీసర్ రుజువు కాలేదంటే మేనేజ్‌మెంట్ రుజువైందనుకుంటే, ఆ అభిప్రాయానికి వచ్చిన కారణాలను ముందు ఉద్యోగికి తెలిపి అతని మాట వినాలి. కుంజ్ బిహారీ మిశ్రా కేసులో 1998 తీర్పు అది.

రిపోర్టులో నేను ఎర్ర పెన్నుతో గీసిన వాక్యం ఇంకొకటుంది: “ఇతనిపై గతంలోనూ ఇలాంటి ఆరోపణలున్నట్టు తెలిసింది.” ఎవరి ద్వారా తెలిసింది? ప్రొసీడింగ్స్‌లో ఆ సంగతి ఏ సాక్షీ చెప్పలేదు. ఎంక్వైరీ గదిలో టేబుల్ మీదికి రాని సంగతి రిపోర్టులోకి రాకూడదు. అలాంటి వాక్యం ఒక్కటి చాలు, ఎంక్వైరీ ఆఫీసర్ ముందే ఒక నిర్ణయానికి వచ్చి కూర్చున్నాడని అవతలి లాయరు అనడానికి. ‘డిస్మిస్ చేయవచ్చు’ అన్న ముక్క కూడా ఆయన రాయాల్సింది కాదు. ఏది రుజువైంది, ఏది కాలేదు అనేంతవరకే ఆయన పని. శిక్ష మేనేజ్‌మెంట్‌ది.

ఆ శిక్ష దగ్గరికి వెళ్లేముందు చేయాల్సిన పని ఒకటుంది. దాన్ని దాటేసిన ఫైళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఎంక్వైరీ రిపోర్టు కాపీ ఉద్యోగికి ఇచ్చి, దానిమీద అతను చెప్పుకునేది విన్న తర్వాతే దోషి అవునా కాదా అన్నది మేనేజ్‌మెంట్ తేల్చుకోవాలి. ఈ సూత్రం మన హైదరాబాద్ నుంచే దేశమంతటికీ వెళ్లింది. ఈసీఐఎల్ మేనేజింగ్ డైరెక్టర్ వర్సెస్ బి. కరుణాకర్ కేసులో 1993 అక్టోబరు 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ప్రభుత్వ సంస్థ అయినా ప్రైవేటు సంస్థ అయినా, నిబంధనల్లో రాసి ఉన్నా లేకపోయినా రిపోర్టు కాపీ ఇవ్వాల్సిందేనని చెప్పింది. ఇవ్వనంత మాత్రాన ఆర్డరు దానంతటది రద్దు కాదు, దానివల్ల తనకు నష్టం జరిగిందా అన్నది కోర్టు చూస్తుంది. ఆ దాకా తెచ్చుకోవడం దేనికి? ఒక కాపీ, రిజిస్టర్డ్ పోస్టు ఖర్చు, కొన్ని రోజుల గడువు. అందుకే నేను నోట్‌ను రెండు దఫాలుగా రాస్తాను. ఆధారాల తూకం మొదట రాసుకుంటాను గానీ అది నా చిత్తు ప్రతి. ఉద్యోగి జవాబు వచ్చాక దాన్ని పక్కన పెట్టుకుని, ప్రతి అభ్యంతరానికీ ఒక వాక్యమైనా సమాధానం చేర్చి, అప్పుడే మేనేజ్‌మెంట్‌కు పెడతాను. శిక్ష పేరు ముందే రాసి రిపోర్టుతో జతచేసి పంపితే, ముందే తీర్పు రాసుకుని వివరణ అడిగినట్టవుతుంది.

శిక్షకు కావాల్సిన కొలతలు 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద వచ్చిన కేంద్ర మోడల్ స్టాండింగ్ ఆర్డర్లలోనే ఉన్నాయి: తప్పు తీవ్రత, గత రికార్డు, శిక్షను తగ్గించే లేదా పెంచే పరిస్థితులు. ప్రతిపాదించిన శిక్ష మీద ఉద్యోగి చెప్పుకునే అవకాశం కూడా అందులో ఉంది. ఆ చట్టం 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కలిసిపోయింది. ఏదేమైనా మీ ఫ్యాక్టరీకి సర్టిఫై అయిన ప్రతినే తెరిచి చూడాలి. అందులో లేని శిక్ష వేయకూడదు.

మన కేసులో రుజువైనవి రెండు. చూడకుండా సంతకం పెట్టడం చిన్నదేం కాదు. గేట్ పాస్ మీద ఆ సంతకం లేకపోతే లారీ గేటు దాకా వచ్చేదే కాదు. బెదిరింపు మాట దానికన్నా తక్కువది. తగ్గించే వైపు పదకొండేళ్ల సర్వీసు, రాగి మొత్తం దొరకడం, ఇన్‌చార్జి ఒప్పుకున్న మనుషుల కొరత ఉన్నాయి. గత రికార్డులో నాలుగేళ్ల కిందటి వార్నింగ్ ఒకటి ఉంది, ఆలస్యంగా రావడం మీద. దాన్ని లెక్కలోకి తీసుకునే ఉద్దేశముంటే ఆ సంగతి ప్రతిపాదిత శిక్ష నోటీసులో రాసి అతని దృష్టికి తేవాలి. చెప్పకుండా గత రికార్డును శిక్షకు ఆధారం చేసుకోకూడదని మంచేగౌడ కేసులో 1963లోనే తీర్పు వచ్చింది. నేనైతే ఆ వార్నింగ్‌ను వదిలేస్తాను. ఆలస్యానికీ ఈ తప్పుకూ చుట్టరికం లేదు.

రెండు వార్షిక ఇంక్రిమెంట్ల నిలుపుదల, స్టోర్స్ నుంచి గేట్ పాస్ బాధ్యత లేని సెక్షన్‌కు మార్పు, ఇదీ నోట్‌లో సిఫారసు. మార్పు శిక్ష కింద రాయకూడదు, పాలనాపరంగా వేరే ఆర్డరు ఇవ్వాలి. దీనికి అయ్యే ఖర్చు కూడా ఎండీ గారికి ముందే చెప్పాలి. డిస్మిస్ చేయకుండా ఇంక్రిమెంట్ ఆపితే, మోడల్ స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం సస్పెన్షన్ కాలమంతా డ్యూటీలో ఉన్నట్టే లెక్క. ఇచ్చిన సబ్‌సిస్టెన్స్ అలవెన్సు మినహాయించి మిగతా జీతం చెల్లించాలి. ఈ మాట వినగానే “అయితే డిస్మిస్ చేసి పడేస్తే పోలే” అంటారు కొందరు. వర్క్‌మన్ విషయంలో 1971లో 11-ఏ సెక్షన్ చేర్చినప్పటి నుంచి కోర్టు శిక్షను తగ్గించగలదు. ఎంక్వైరీ పద్ధతిగా జరిగినా సరే, ఆధారాలను మళ్లీ మొదటి నుంచి తూచగలదు. 63వ పేజీ అక్కడి జడ్జి కూడా చదువుతారు. అప్పుడు వెనక్కి తీసుకోవాల్సి వస్తే కొన్నేళ్ల పాత బకాయి జీతం లెక్కకు రావచ్చు.

నోట్ నాలుగు పేజీలకు ఒక పేరా ఎక్కువైంది. ఆ పేరాలో ఉన్నది శిక్ష గురించి కాదు. ఆ ఇద్దరు లోడింగ్ మనుషుల మీద, డ్రైవరు మీద పోలీసులకు ఫిర్యాదు ఇంకా ఇవ్వలేదని, ఫుటేజీ చెరిగిపోకముందే ఇవ్వాలని. రెండు గోనె సంచులు లారీలో ఎవరు పెట్టించారో ఈ నూట నలభై పేజీల్లో ఎక్కడా లేదు.